1/4 పెద్దదా 1/3 పెద్దదా
డిస్కాల్క్యులియా, అంటే అంకెలు, లెక్కలు అర్థం చేసుకోవడంలో ఇబ్బంది ఉన్న ఒక పాపకి భిన్నాలు చెప్తున్నా. 1/3, 1/4 లో ఏది పెద్దది అంటే టక్కున 1/4 అనేది, 3 కన్నా 4 పెద్దది కదా మరి. అందుకే అంకెలు పూర్తిగా పక్కన పెట్టేసి మందపాటి అట్ట పట్టీలు తీసుకున్నాం, అన్నీ ఒకే పొడవు, ఒకే రంగు (రంగులు వేరైతే సైజు చూడరు, రంగునే గుర్తుపెట్టేసుకుంటారు). మొదటిరోజు ఒక పట్టీని సగానికి మడిచి కత్తిరించి, ఆ రెండు ముక్కల్నీ మొత్తం పట్టీ మీద పేర్చడం, అంతే. తర్వాత మూడు సమాన ముక్కలు, ఆ తర్వాత నాలుగు, కళ్ళు మూసుకుని వేలితో తడిమి ఏది పొడుగో చెప్పాలి.

"మేడమ్, ఎక్కువ ముక్కలు చేస్తే ఒక్కోటి చిన్నదైపోతోంది" అని తనే అన్నప్పుడు ఎంత సంతోషమేసిందో! అప్పుడు రాయించా 1/4 అని, కింద 4 అంటే మొత్తాన్ని ఎన్ని సమాన ముక్కలు చేశామో, పైన 1 అంటే చేతిలో ఎన్ని ఉన్నాయో.

కానీ ఇంకా పొడుగు పట్టీ ఇచ్చి దీంట్లో 1/4 చూపించమంటే పాత ముక్కే తెచ్చి పెట్టింది. అంటే 1/4 ఆ అట్టముక్క పేరనుకుంటోంది. అందుకే ఈ వారమంతా రకరకాల పొడవుల పట్టీలు మడవడమే, కూడికల జోలికి ఇప్పుడే వెళ్ళను.