మూడు లక్షల స్టాకు తప్పు, ఆరు లక్షల అనుమానం – నా అనుభవం

ఒంగోలు కర్నూలు రోడ్డులో మాకొక టైల్స్ షాపు ఉంది. నేను, మా బావ, బావ స్నేహితుడు ఒకాయన కలిసి సమాన వాటాలతో పెట్టాం. ఆ మూడో ఆయన 2024 మార్చి 31న లెక్క చూసుకుని తన వాటా తీసుకుని వెళ్లిపోయారు. కొనుగోళ్లు, బిల్లులు, జీఎస్టీ, బ్యాంకు, వీటిలో ఏ ఏడూ మాకు ఇబ్బంది రాలేదు. షాపు మొదలైన రోజు నుంచీ బిల్లింగ్ నా చేతిలోనే ఉంది, అందులో ఇంతవరకూ రూపాయి తేడా ఎవరూ చూపించలేదు. ఇబ్బందంతా ఏడాది చివర మిగిలిన సరుకు విలువ, అదే క్లోజింగ్ స్టాక్, ఆ ఒక్క అంకెతో వచ్చింది. దానివల్ల సొంత అక్క ముందు నేను దొంగలా కూర్చోవాల్సి వచ్చింది. ఆ మంట ఇంకా చల్లారలేదు.

ముందు అంకెలు చెప్తాను. చదవడానికి తేలికగా ఉండాలని లక్షలకు సరిచేసి రాస్తున్నాను.

2023-24లో ఏడాది మొదట్లో ఉన్న సరుకు 10 లక్షలు. కొన్నది 60 లక్షలు. అమ్మింది 75 లక్షలు. ఏడాది చివర మిగిలిన సరుకు 13 లక్షలని లెక్కలోకి ఎక్కింది. అంటే అమ్ముడైన సరుకు ఖరీదు 10 ప్లస్ 60 మైనస్ 13, మొత్తం 57 లక్షలు. 75లోంచి 57 తీస్తే గ్రాస్ లాభం 18 లక్షలు. అద్దె, జీతాలు, కరెంటు కలిపి ఖర్చులు 9 లక్షలు పోను నికరంగా 9 లక్షలు. అందరం సంతోషించాం. ముగ్గురికీ తలా 3 లక్షలు రాశారు.

2024-25లో ఆ 13 లక్షలే ఓపెనింగ్ స్టాక్ అయింది. కొన్నది 65 లక్షలు, అమ్మింది 80 లక్షలు, చివర మిగిలింది 11 లక్షలు. అమ్ముడైన సరుకు ఖరీదు 67 లక్షలు, గ్రాస్ లాభం 13 లక్షలు, ఖర్చులు 10 లక్షలు. చేతికి మిగిలింది 3 లక్షలు.

అమ్మకం ఐదు లక్షలు పెరిగింది, లాభం తొమ్మిది నుంచి మూడుకు పడింది. ఆ కాగితాలు చూసినవాడికి ఎవడికైనా ఒకటే అనిపిస్తుంది.

మా బావకూ అదే అనిపించింది. ఆదివారం భోజనానికి రమ్మని పిలిచి, తిన్నాక ప్లేట్లు కూడా తీయకముందే రెండు సంవత్సరాల షీట్లూ బల్ల మీద పరిచాడు. ఎర్ర పెన్నుతో రెండు అంకెలకూ సున్నాలు చుట్టి ఉన్నాయి.

“ఏందిరా ఇది? తొమ్మిది మూడైతే, ఆరు లక్షలు యాడికి పోయినట్టు?”

“బావా, క్యాష్ బుక్ చూడు, బ్యాంకు చూడు. రూపాయి తేడా ఉంటే అప్పుడడుగు.”

“క్యాష్ సరిగ్గానే ఉంటది. సరుకు బిల్లు లేకుండా పోతే క్యాష్‌లో ఎట్టా తెలుస్తది?”

మా అక్క వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది. ఒక్క మాట మాట్లాడలేదు. ఆ మౌనమే నాకు ఎక్కువ గుచ్చుకుంది. కిందటేడు దాకా మూడో మనిషి ఉన్నాడు కాబట్టి అందరి కళ్లూ అందరి మీదా ఉండేవి, ఇప్పుడు షాపులో రోజంతా ఉండేది నేనొక్కణ్ణే అని బావ అన్న మాట ఇప్పటికీ చెవిలో మోగుతోంది.

అప్పటికప్పుడు నేను జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే బావ అడిగిన ప్రశ్నలో పసుంది. 2024-25 లెక్క ఒక్కటే ముందు పెట్టుకుంటే, నిజంగా 3 లక్షల సరుకు దొంగతనం జరిగినా అంకెలు సరిగ్గా ఇలాగే ఉంటాయి. 13 లక్షల సరుకుతో మొదలై, అందులో 3 లక్షలది మాయమై, చివర 11 మిగిలినా లాభం ఇంతే చూపిస్తుంది. దొంగతనానికీ, కిందటేడు తప్పు లెక్కకీ ఆ ఒక్క కాగితం మీద తేడా కనపడదు. తేడా తెలిసేది ముందు ఏడాది కాగితంలో.

ఇంటికొచ్చి లాభాన్ని అమ్మకం మీద శాతంగా వేశాను. 75 లక్షల మీద 18 అంటే 24 శాతం. 80 మీద 13 అంటే 16 శాతం కాస్త పైన. మేం టైల్స్ అమ్మేది బిల్లు మీద 20 శాతం దగ్గరే. 100కి అమ్మితే 80 కొన్న ఖరీదు. రెండేళ్లలో కంపెనీ రేట్లు గానీ మా అమ్మకం రేట్లు గానీ చెప్పుకోదగ్గట్టు మారలేదు. ఏ బిల్లు తీసినా 19, 20, 21 ఇలాగే ఉంది. మరి 24 ఎక్కణ్ణుంచి వచ్చింది? నేను 2024-25లో సరుకు దొంగిలించి ఉంటే ఆ ఏడాది శాతం పడిపోతుంది, కానీ దానికి ముందు ఏడాది 20 కాస్తా 24 అవ్వదు గదా. ఒక ఏడు పైకి, మరుసటి ఏడు కిందికి, మధ్యలో అసలు శాతం ఉందంటే మొదట అనుమానించాల్సింది ఆ రెండేళ్ల మధ్య ఉన్న స్టాకు అంకెనే.

అనుమానం సాక్ష్యం కాదు. అందుకని 2024 మార్చి 31 నాటి స్టాకు షీటు బయటికి తీసి, ఒక్కో డిజైన్‌కి బాక్సులు లెక్కేశాను. రూపాయలు పక్కన పెట్టేశాను. ఉదాహరణకి ఐవరీ రంగు రెండడుగుల టైల్. ఏడాది మొదట్లో 120 బాక్సులు, కొన్నవి 900, బిల్లు చేసినవి 860. మిగలాల్సింది 160. షీటులో రాసింది 240.

80 బాక్సులు ఎక్కువ! సరుకు తగ్గితే పోయిందనో పగిలిందనో అనొచ్చు. కొన్నదానికంటే ఎక్కువ సరుకు గోడౌన్లో పుట్టదు. డిజైన్ల మీద డిజైన్లు ఇలాగే తేలాయి. అన్నీ కలిపి 600 బాక్సులు, సగటున బాక్సు 500 చొప్పున 3 లక్షలు.

ఎలా జరిగిందో చెప్తాను. ఇల్లు కట్టుకునేవాళ్లు టైల్స్ ముందే కొని డబ్బు కట్టేస్తారు. ప్లాస్టరింగ్ అయ్యేదాకా మీ దగ్గరే ఉంచండి అంటారు. 2023-24కి ముందు మా గోడౌన్ షాపు వెనకాల ఇరుకు గదిలో ఉండేది కాబట్టి ఎవరివి వాళ్లు వెంటనే తీసుకెళ్లేవాళ్లు. ఆ ఏడు ఊరి బయట పెద్ద గోడౌన్ తీసుకున్నాం, జనం సరుకు వదిలి వెళ్లడం అప్పుడే మొదలైంది. అలాంటి బాక్సుల మీద మా గోడౌన్ కుర్రాడు నల్ల మార్కర్‌తో ఇంటి యజమాని పేరు, బిల్లు నంబరు రాస్తాడు. మార్చి 31న స్టాకు చూడ్డానికి ఆడిటర్ ఆఫీసు నుంచి ఒక అసిస్టెంటు వచ్చాడు. పేర్లున్న బాక్సులు, లేని బాక్సులు అన్నీ ఒకటిగా లెక్కపెట్టి షీటు నింపేసి వెళ్లాడు. కుర్రాడు “సార్, అవి మనవి కావు” అంటే, గోడౌన్లో ఉన్నదంతా స్టాకే అన్నాడంట. అమ్మిన డబ్బు అమ్మకాల్లోకీ వచ్చింది, అదే సరుకు మిగులులోకీ వచ్చింది. ఒకే బాక్సు రెండు చోట్ల లాభం చూపించింది.

రుజువు డెలివరీ చలాన్లలో దొరికింది. ఐవరీ 80 బాక్సుల్లో 45 ఒక ఇంటివి, 35 ఇంకో ఇంటివి. బిల్లులు ఫిబ్రవరి, మార్చి తేదీలతో ఉన్నాయి. సరుకు ఎత్తిన చలాన్లు ఏప్రిల్, మే తేదీలతో, తీసుకున్నవాళ్ల సంతకాలతో ఉన్నాయి. మిగతా డిజైన్లకూ ఇలాగే జత కుదిరింది.

ఇక అసలు లెక్క. 2023-24 క్లోజింగ్ స్టాక్ 10 లక్షలే. గ్రాస్ లాభం 15, ఖర్చులు 9, నికరం 6. 2024-25 ఓపెనింగ్ కూడా 10 అవుతుంది కాబట్టి గ్రాస్ లాభం 16, ఖర్చులు 10, నికరం 6. రెండేళ్లూ ఆరూ ఆరే! మొత్తం 12. తప్పు లెక్కలో తొమ్మిదీ మూడూ, అదీ 12. తప్పు 3 లక్షలే, కానీ ఒక ఏడు 3 ఎక్కువ చూపించి ఇంకో ఏడు 3 తక్కువ చూపించడం వల్ల రెండేళ్ల మధ్య 6 లక్షల గుంత కనపడింది. బావ అడిగిన ఆరు లక్షలు ఎక్కడికీ పోలేదు, అసలు లేనే లేవు.

ఈ కాగితాలన్నీ పట్టుకుని వెళ్లి అదే బల్ల మీద, అక్కను కూడా కూర్చోబెట్టి చూపించాను. బావ చలాన్ల మీద సంతకాలు ఒక్కొక్కటీ చూసి, “తప్పుగా అనుకున్నాను, మనసులో పెట్టుకోకు” అన్నాడు. పెట్టుకోలేదు. కానీ కాగితం మీద రెండు అంకెలు చూసి ఇంటి మనిషిని దొంగ అనేముందు, ఆ అంకెలు ఎలా పుట్టాయో ఎవరైనా ఒక్కసారి అడగాలి.

ఆడిటర్ ఆఫీసులో చెప్తే ఆ అసిస్టెంటు ఇచ్చిన సలహా విని నాకు ఒళ్లు మండింది. 2025 క్లోజింగ్ స్టాక్‌ని 11కి బదులు 14 చూపిద్దాం, లాభం ఆరు అవుతుంది, ఎవరూ అడగరు అన్నాడు. అది దిద్దడం కాదు, అదే తప్పును ఇంకో ఏడాదికి తొయ్యడం. ఆ 3 లక్షలు 2025-26 ఓపెనింగ్‌లో కూర్చుని ఆ ఏడు లాభాన్ని తింటాయి. ఒకసారి లేని సరుకు పుస్తకంలోకి ఎక్కితే ఏదో ఒక ఏడాది నష్టంగా దిగాల్సిందే. 11ని 11గానే ఉంచమన్నాను. అలా ఉంచితే 2025 మార్చి 31 నుంచి పుస్తకం దానంతటదే సరిగ్గా ఉంటుంది.

పన్ను విషయంలో మాకు మొత్తం మీద నష్టం రాలేదు. భాగస్వామ్య సంస్థకి 30 శాతం, దాని మీద 4 శాతం సెస్సు, స్లాబులు ఉండవు. భాగస్వాముల జీతాలు, వడ్డీ లేవనుకుంటే 9 మీదా 3 మీదా కట్టింది, 6 మీద రెండుసార్లు కట్టాల్సినదీ ఒకటే. కాకపోతే 93,600 రూపాయలు ఏడాది ముందే కట్టేశాం. తప్పు కనిపెట్టేసరికి మొదటి ఏడాది లెక్క దిద్ది రివైజ్డ్ రిటర్న్ వేసే గడువు 2024 డిసెంబరు 31తో అయిపోయింది. ఆ గడువు దాటాక వేసే అప్‌డేటెడ్ రిటర్న్‌తో పన్ను తగ్గించుకోవడం కుదరదు. సొంత పేరు మీద వ్యాపారం చేసేవాళ్లకు స్లాబులుంటాయి కాబట్టి, ఒక ఏడు లాభం ఉబ్బితే రెండేళ్ల మొత్తం పన్ను కూడా పెరిగే అవకాశం ఉంది.

అసలు నష్టం వాటాల్లో జరిగింది. పన్ను తీయకముందు లెక్క చెప్తున్నాను. వెళ్లిపోయిన ఆయనకు రావాల్సింది 6 లక్షల్లో మూడో వంతు, 2 లక్షలు. ఆయన తీసుకున్నది 3. మరుసటి ఏడు తగ్గిన లాభం ఆయన నెత్తిన పడలేదు, మా ఇద్దరి మీదే పడింది. నాకూ బావకూ రెండేళ్లలో తలా 5 లక్షలు రావాలి (2 ప్లస్ 3). వచ్చింది నాలుగున్నర (3 ప్లస్ ఒకటిన్నర). తలా 50 వేలు, కలిపి లక్ష రూపాయలు ఆయన జేబులోకి వెళ్లాయి. రెండేళ్లు కలిపితే సరిపోతుందిలే అనేవాళ్లు ఇది చూడాలి. మధ్యలో ఒక మనిషి దిగిపోతే సరిపోదు.

ఆయన్ని కలిసి చలాన్లు చూపించాం. “అన్నా, ఇది మీ తప్పు కాదు, మా తప్పూ కాదు, కానీ లక్ష మీ దగ్గర ఎక్కువుంది” అన్నాను. ఒప్పుకున్నారు గానీ, సెటిల్‌మెంట్ కాగితంలో “ఇకమీదట ఒకరికొకరు ఏమీ బాకీ లేరు” అని రాసి ఉందని గుర్తుచేశారు. తర్వాత లెక్కలో తప్పు తేలితే సర్దుకుంటాం అన్న ఒక్క వాక్యం అందులో లేదు. ఎవరైనా వాటా తేల్చుకుని విడిపోతుంటే ఆ వాక్యం రాయించుకోండి. స్టాకు లెక్కలో అమ్మి ఎత్తని సరుకుకి వేరే షీటు పెట్టి, బిల్లు నంబర్లతో సహా ముగ్గురి సంతకాలూ పెట్టించండి. ఆయన దసరా తర్వాత యాభై వేలు పంపారు. మిగతా యాభై సంక్రాంతికి ఇస్తానన్నారు.