నాలుగు రోజుల ఆలస్యం, ఒక మెయిలు

నవంబరు 18, మంగళవారం. మారతహళ్లి, బెంగళూరు.

పొద్దున్నే నీళ్ల ట్యాంకరు హారన్‌తో మెలకువ వచ్చింది. కాఫీ కలుపుకుంటూనే ఫోన్‌లో బ్యాంకు యాప్ తెరిచాను. నిన్న రాత్రి ఎంత ఉందో ఇప్పుడూ అంతే. చిరుతిళ్ల కంపెనీ అక్క దగ్గర్నుంచి రావాల్సిన 36 వేలు పడలేదు.

పని మొత్తం 60 వేలది. జంతికలు, చేగోడీలు, సున్నుండలు, ఇంకో మూడు రకాలు, ఆరింటికీ ప్యాకెట్ డిజైన్లు. సెప్టెంబరులో అడ్వాన్సుగా 24 వేలు అడిగిన రోజే వేశారు. మిగతాదానికి అక్టోబరు 30న బిల్లు పంపాను, గడువు 15 రోజులు. అంటే 14వ తేదీ శుక్రవారంతో అయిపోయింది. ఇవాళ్టికి నాలుగు రోజులు, అందులో రెండు శని, ఆదివారాలు. లెక్కకు ఇదేం పెద్ద ఆలస్యం కాదు. కానీ అడగాలంటే నాకు ఎప్పుడూ అదో రకమైన మొహమాటం. పైగా ఆవిడ ఒంగోలు మనిషి, "ఏం తల్లీ, తిన్నావా?" అంటూ మాట మొదలుపెడుతుంది. అలాంటావిడకి డబ్బు గురించి మెయిలు రాయడం కంటే జంతికల ప్యాకెట్ మీద పసుపు రంగు పదిసార్లు మార్చడమే తేలిక.

తొమ్మిదింటికి కూర్చుని మొదటి డ్రాఫ్టు రాశాను. చదువుకుంటే నాకే నవ్వొచ్చింది. ఆరు లైన్లలో రెండుసార్లు "ఏమీ అనుకోకండి", ఒకసారి "మీరు బిజీగా ఉంటారని తెలుసు", చివర్లో "మీకు వీలున్నప్పుడు". ఈ ఆఖరి మాటే కొంప ముంచేది. బిల్లు మీద గడువు రాసింది నేనే, వీలున్నప్పుడు ఇవ్వమని ఆ గడువును కొట్టేసిందీ నేనే. నిరుడు ఇంకో క్లయింటుకి సరిగ్గా ఇదే మాట రాస్తే, ఆయనకి వీలయ్యేసరికి రెండు నెలలు పట్టింది. ఆయన్ని అనడానికి కూడా లేదు.

రూమ్మేట్ వెనక నుంచి తొంగిచూసి, "నీకు చిన్న వ్యాపారాలకిచ్చే ఉద్యమ్ సర్టిఫికెట్ ఉంది కదే, ఆ చట్టం పేరు ఒక లైన్ పడెయ్, పరిగెత్తుకొస్తారు" అంది. ఉన్న మాటే. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం మాలాంటి చిన్నవాళ్లకి ఒప్పుకున్న గడువులో డబ్బివ్వాలి, ఆ గడువు ఎట్టి పరిస్థితిలోనూ 45 రోజులు దాటకూడదు, గడువు దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకి మూడు రెట్లు చక్రవడ్డీ. కానీ నాలుగు రోజులకే చట్టం తీస్తే, నలభయ్యో రోజున తీయడానికి ఇంకేం మిగులుతుంది? పైగా ఆవిడ ఎగ్గొడుతోందని నాకు ఇంకా తెలియదు. బిల్లు ఎక్కడో ఆగింది, అంతవరకే తెలుసు. ఎక్కడ ఆగిందో కనుక్కోవడమే ఇవాళ్టి పని.

అలా అనుకున్నాక రాయడం సులువైంది. పాత మెయిలుకి రిప్లైగా పెట్టలేదు. ఫైనల్ ఫైళ్లు, ప్రింటరు ప్రశ్నలు, ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు గొడవ అన్నీ కలిపి అందులో ఇరవైకి పైగా మెయిళ్లున్నాయి. కొత్త మెయిలు తెరిచి, సబ్జెక్టులోనే బిల్లు నంబరు, మొత్తం, గడువు తేదీ పెట్టాను. లోపల చూడకపోయినా సంగతి అర్థం కావాలి. ఇంగ్లీషులో రాసిందే అయినా, తెలుగులో చెప్తే ఇదీ:

"అక్కా, నమస్తే. చేగోడీల ప్యాకెట్ ప్రింటు బాగా వచ్చిందని ప్రింటరు చెప్పారు, సంతోషం. INV-027, 36,000 రూపాయల బిల్లు, గడువు నవంబరు 14. ఇంకా నా ఖాతాలో పడలేదు. బహుశా ఎక్కడో మిస్సయి ఉంటుంది, అందుకని బిల్లు మళ్లీ జత చేస్తున్నాను. ఇది మీ అకౌంట్స్ వాళ్లకి చేరిందా? ఏ తేదీకి వేస్తారో చెప్తే రాసుకుంటాను. ఈపాటికే పంపి ఉంటే ఈ మెయిలు పట్టించుకోకండి."

రెండు ప్రశ్నలూ కావాలనే పెట్టాను. ఊరికే "గుర్తు చేస్తున్నాను" అంటే "ఓకే తల్లీ" అని జవాబొస్తుంది, అంతటితో సరి. చేరిందా అంటే ఎవర్నో అడిగి చూడాలి. ఏ తేదీకి అంటే ఒక అంకె చెప్పాలి. "ఎందుకు ఆలస్యమైంది" అని మాత్రం అడగలేదు. దానికి జవాబుగా సాకు తప్ప ఇంకేం రాదు.

పదిన్నరకి పంపేసి, అక్కకి వాట్సాప్‌లో ఒక్క లైన్: "అక్కా, బిల్లు గురించి చిన్న మెయిలు పెట్టాను, చూడండి." లెక్కలు మాత్రం వాట్సాప్‌లో రాయను. శుభోదయం పువ్వుల మధ్య అవి ఎటు పోతాయో ఎవరికీ తెలియదు.

తర్వాత పని సాగిందా అంటే లేదు. ఇంకో క్లయింటు లోగో తెరిచి, ఒక అక్షరాన్ని అటూ ఇటూ జరుపుతూ గంట గడిపాను. మధ్యలో అమ్మ ఫోన్. విషయం చెప్తే, "అడగందే అమ్మయినా పెట్టదే" అంది. తనకి అడగకుండానే మూడుసార్లు వడ్డించే అలవాటుంది, ఆ సంగతి గుర్తుచేశాను.

మూడున్నర దాటాక జవాబొచ్చింది, అక్క నుంచి కాదు, అకౌంట్స్ చూసే ఆయన నుంచి. బిల్లు అసలు ఆయనకి చేరనే లేదట! అక్టోబరు 30న నేను ఫైనల్ ఫైళ్లూ బిల్లూ ఒకే మెయిల్లో పంపాను. అక్క ఆ ఫైళ్ల లింకు ప్రింటరుకి పంపి, బిల్లు సంగతి మరిచిపోయింది. తప్పు సగం నాదే. ఫైళ్ల మెయిలు చూసేది ఒకరు, బిల్లు చూసేది ఇంకొకరు.

ఆయన ఇంకో మాట కూడా రాశారు. బిల్లు మీద పాన్ నంబరు లేదు, అది లేకపోతే టీడీఎస్ కింద, అంటే ముందుగానే కోసే పన్ను కింద, 20 శాతం పట్టుకోవాలి, కాబట్టి పంపండి. పాన్ వస్తే ఈ శుక్రవారం పేమెంట్లలో 30 వేలు వేస్తామని.

ముప్పయ్యా? ఒక్క క్షణం గుండె జారింది. పాన్ ఉంటే కోసేది 10 శాతమే, 36 వేలకి అంటే 3,600 కదా పోవాల్సింది. కాగితం తీసుకుని లెక్క వేస్తే అర్థమైంది. అడ్వాన్సు 24 వేలప్పుడు ఏమీ కోయలేదు, ఎందుకంటే ఏడాదిలో ఎంత దాటితే టీడీఎస్ కోయాలో ఆ పరిమితి 2025 ఏప్రిల్ నుంచి 30 వేల బదులు 50 వేలైంది. ఇప్పుడు మొత్తం 60 వేలై పరిమితి దాటింది కాబట్టి, అడ్వాన్సుతో కలిపి మొత్తానికీ 10 శాతం, ఆరు వేలు. 36 లోంచి ఆరు తీస్తే 30. లెక్క సరిపోయింది. ఆ ఆరు వేలు నా పాన్ మీద జమవుతాయి, రిటర్నులో చూపించుకోవచ్చు. ఇది తెలియకపోతే శుక్రవారం రాత్రి "అక్కా, 2,400 తగ్గింది" అని ఇంకో మెయిలు పెట్టి నవ్వులపాలయ్యేదాన్ని.

పాన్ వేసి బిల్లు మళ్లీ పంపాను. పనిలో పనిగా నా బిల్లు నమూనా తెరిచి పాన్ లైను చేర్చాను, "15 రోజులు" అన్నచోట అసలు తేదీయే వచ్చేలా మార్చాను.

సాయంత్రం అక్క ఫోన్ చేసింది. "మెయిల్లో అంత పద్ధతిగా రాశావేంటి తల్లీ, ఒక మాట అంటే సరిపోయేదిగా" అంది. అన్నానక్కా, వాట్సాప్‌లో, అన్నాను. చూడలేదట. సున్నుండలు ఒక డబ్బా పంపిస్తానంది. శుక్రవారం, 21వ తేదీ, 30,000 అని క్యాలెండరులో రాసి పెట్టుకున్నాను. సున్నుండలకి తేదీ అడగలేదు.