పదిలో ఐదు

మాది ఒడిశాలో గజపతి జిల్లాలోని పర్లాకిమిడి. సరిహద్దు దాటితే ఆంధ్రాలోని పాతపట్నం కనుక, ఒంట్లో బాగోలేనప్పుడు ఒకసారి ఇటు, మరోసారి అటు చూపించుకోవడం మా ఇళ్లలో మామూలే. అలా నా గొంతునొప్పి చీటీలు రెండు రాష్ట్రాల్లో చెల్లాచెదురుగా పడ్డాయి. నేను పాఠాలు చెప్పే మనిషిని; ఇరవై ఏడో ఏట గొంతు మాటిమాటికీ పట్టేస్తుంటే, టాన్సిల్స్ తీయించేసుకుంటే పీడ వదులుతుందని నిశ్చయించుకుని, చెవి ముక్కు గొంతు వైద్యుడి దగ్గరకు వెళ్లాను. "ఏడాదిలో పదిసార్లు వచ్చిందండీ" అన్నాను. ఆయన నోరు తెరిపించి చూసి, "చీటీలు తెచ్చారా అమ్మా?" అని అడిగారు.

వారం తర్వాత చీటీలన్నీ బల్ల మీద పరిచాను. ఆయన ఒక్కొక్కటీ చదివి, నాలుగింటిని పక్కన పెట్టేశారు. వాటిలో దగ్గు, ముక్కు కారడం రాసి ఉన్నాయే గాని జ్వరం లేదు. అవి వైరస్ వల్ల వచ్చిన జలుబులని, టాన్సిల్స్ తీసినా అవి ఆగవని చెప్పారు. గొంతునొప్పితో పాటు 101 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన జ్వరమో, మెడలో నొప్పి పెట్టే బిళ్ళలో, టాన్సిల్స్ మీద తెల్లటి చీము పొరో, గొంతు పరీక్షలో స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా బయటపడటమో, వీటిలో కనీసం ఒకటి ఉంటేనే ఆ విడత లెక్కలోకి వస్తుంది. ఇంకొకసారి నేను మందుల షాపులో అడిగి మాత్రలు మింగానే తప్ప ఎవరికీ చూపించుకోలేదు కనుక దానికి ఆధారం లేదు. పదిలో మిగిలినవి ఐదు.

ఆపరేషన్ చేయాలంటే ఉండాలని ఆయన చెప్పిన లెక్క ఇది: గడిచిన ఒక్క ఏడాదిలో ఏడుసార్లు, లేదా వరుసగా రెండేళ్లు ఏడాదికి ఐదుసార్లు, లేదా మూడేళ్లు ఏడాదికి మూడుసార్లు. దీనికి మూలం అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో పిల్లలపై జరిపి 1984లో ప్రచురించిన పరిశోధన. ఆపరేషన్ చేయని పిల్లల్లో కూడా చాలామందికి కాలక్రమాన విడతలు తగ్గాయని అందులో తేలింది కనుకనే, లెక్క చేరనివారిని మొదట ఏడాదిపాటు గమనించమంటారు. టాన్సిల్ పక్కన చీముగడ్డ ఒకటికి మించి సార్లు కట్టినా, పలు యాంటీబయాటిక్స్ పడకపోయినా లెక్క చేరకముందే ఆపరేషన్ గురించి ఆలోచిస్తారట. నాకు ఆ రెండూ లేవు. పెద్దవాళ్లకూ ఇదే లెక్క వాడుతున్నా, నొప్పి వల్ల ఎన్ని రోజుల పని పోయిందో కూడా చూస్తామన్నారు. నాకు అప్పుడు కోపమే వచ్చింది. అమ్మమ్మ మాత్రం, "కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందట, ఆయన చెప్పినట్టు ఆగు" అని సంతోషించింది.

రెండో ఏడాది ఒక నోటుపుస్తకం పెట్టాను. తేదీ, జ్వరం, దగ్గు ఉందా లేదా, మెడ బిళ్ళలు, అద్దంలో టార్చి వేసి చూస్తే కనిపించినవి, పోయిన పనిరోజులు రాసేదాన్ని. ఒకసారి 102 చూసి బెదిరిపోతే, ఆయన "వేడి ఉప్పునీళ్లు పుక్కిలించిన వెంటనే థర్మామీటరు నాలుక కింద పెట్టారా?" అని అడిగారు. నిజంగానే అలాగే పెట్టాను. ఆ తర్వాత అరగంట ఆగి చూసుకోవడం నేర్చుకున్నాను. ఆ ఏడాది ఏడుసార్లు గొంతు పట్టింది. రెండు జలుబులు పోగా ఐదు నిలిచాయి. ఐదు, మళ్లీ ఐదు. చివరి విడత తగ్గి మూడు వారాలు గడిచాక ఆపరేషన్ చేశారు.

కోలుకోవడం గురించి ముందే చెప్పినా, నాలుగో రోజు చెవులు పోటెత్తినప్పుడు చెవికేదో అయిందనుకున్నాను. గొంతుకూ చెవికీ ఒకే నాడి కొమ్మలు వెళ్లడం వల్ల అలా అనిపిస్తుందట. టాన్సిల్స్ ఉన్న చోట కట్టిన తెల్లటి పొర చీము కాదు, మానుతున్న పుండు మీది పొక్కు. అయిదో రోజు నుంచి పదో రోజు దాకా అది ఊడేటప్పుడు రక్తం వచ్చే ప్రమాదం ఉంటుంది. ఏడో రోజు రాత్రి ఉమ్మిలో ఎర్రటి గీతలు కనిపించాయి. తెల్లవారాక చూద్దామనుకోకుండా ఆటోలో ఆసుపత్రికి వెళ్లాం, ఎందుకంటే కొంచెమైనా రక్తం వస్తే రమ్మన్నారు. వెళ్లేసరికి ఆగిపోయింది, అయినా ఆ రాత్రి అక్కడే ఉంచుకున్నారు. నొప్పికి వేళ తప్పక పారాసిటమాల్ వేసుకుని, మింగడం కష్టమైనా నీళ్లు తాగి, మెత్తటి అన్నం తిన్నాను. రెండు వారాలకు మళ్లీ బడికి వెళ్లాను.

ఆపరేషన్ తర్వాతి ఏడాది గొంతు రెండుసార్లు నొప్పి పెట్టింది. నోటుపుస్తకంలో రెండింటి దగ్గరా ఒకటే రాసుకున్నాను: "జలుబు, దగ్గు. జ్వరం 99.2. బిళ్ళలు లేవు."