తాళి దగ్గర తప్పుడు కట్లు

గాజువాకలో ఉండే పిన్ని పెళ్లి క్యాసెట్టును ద్వారకానగర్‌లోని ఒక దుకాణంలో ఫైలుగా మార్పించాము. ఎక్కడా తెగని మూడు గంటల ఫైలు అది. దానిలోంచి ఘట్టానికొక క్లిప్ తీసే పనికి ఈ ఆదివారమంతా సరిపోయింది. వీడియోలో దృశ్యం మారే చోట్లను, అంటే కట్లను, కనిపెట్టే సీన్‌డిటెక్ట్ ప్రోగ్రామును ఉదయం దాని సొంత సెట్టింగులతోనే నడిపి చూశాను. స్నాతకం, జీలకర్ర బెల్లం వరకు కట్లు సరిగానే పడ్డాయి కానీ, సింహాచలం కొండ మీద తాళి కట్టిన ఆ కాస్త సేపు మాత్రం ముక్కలు ముక్కలుగా వచ్చింది. ఆ సమయంలో వీడియోగ్రాఫర్ కెమెరాను ఆపనే లేదు. ఫొటోగ్రాఫర్ల ఫ్లాష్ వెలుగునే ప్రోగ్రాము కొత్త దృశ్యంగా లెక్కించింది.

కారణం స్టాట్స్ ఫైలులో స్పష్టంగా కనిపించింది. ప్రతి ఫ్రేము ముందరి ఫ్రేము కంటే ఎంత మారిందో ఒక అంకెగా అందులో ఉంటుంది. ప్రోగ్రాము వాడే అడాప్టివ్ పద్ధతి ఆ అంకెను అటు రెండు, ఇటు రెండు ఫ్రేముల సగటుతో భాగించి, వచ్చిన నిష్పత్తి 3 దాటితే కట్ అంటుంది. నిజమైన కట్ దగ్గర ఒక్క ఫ్రేమే ఎగురుతుంది: చుట్టూ 3 ఉండి మధ్యలో 60 వస్తే నిష్పత్తి 20. ఫ్లాష్ మాత్రం వెలిగినప్పుడొకసారి, ఆరినప్పుడొకసారి ఎగురుతుంది. పక్కపక్కనే రెండు 60లు ఉంటే మొదటిదాని చుట్టూ ఉన్న సగటు 17 దాటుతుంది కాబట్టి నిష్పత్తి మూడున్నర దగ్గరే ఆగుతుంది. ఆ రెండు మార్పులూ సమానమైతే ఆ నిష్పత్తి ఎన్నటికీ 4 దాటదు. వెలుగు 60గా, ఆరడం 40గా వచ్చినా 4.9 దగ్గరే నిలుస్తుంది. అందుకని హద్దును 5కు పెంచాను.

```
scenedetect -i pelli.mp4 -s pelli.csv detect-adaptive -t 5 list-scenes save-images
```

తాళి ఘట్టం ఒకే ముక్కగా నిలిచింది. దీనికి మూల్యం ఊరేగింపులో చెల్లించవలసి వచ్చింది. కెమెరా భుజం మీద ఊగుతూ నడిచే చోట మామూలు ఫ్రేముల మార్పే 15 వరకు ఉంటుంది. అక్కడ 60తో వచ్చిన అసలు కట్ కూడా 4 దగ్గరే ఉండిపోయి తప్పిపోతుంది. అయినా నాకు ఈ బేరమే నచ్చింది, ఎందుకంటే తప్పిపోయిన కట్‌ను బొమ్మల్లో పట్టుకోవడం సులువు.

సేవ్-ఇమేజెస్ ప్రతి ముక్కకూ మొదట, మధ్య, చివర ఒక్కో బొమ్మ తీసి పెడుతుంది. మధ్యాహ్నం భోజనం చేశాక వాటిని వరుసగా పరిచి చూశాను. ఒకే ముక్కలో మొదటి బొమ్మ మండపంలోది, చివరి బొమ్మ భోజనాల బంతిలోది అయితే లోపల ఎక్కడో కట్ తప్పిపోయిందన్నమాట. ఒక ముక్క చివరి బొమ్మా, తరువాతి ముక్క మొదటి బొమ్మా ఒకే చోటివైతే అక్కడ లేని కట్ పడిందని అనుమానించాలి. ఇలా దొరికిన తప్పుల్లో చాలా వరకు ఆ రోజుల్లో మిక్సింగులో సరదాపడి వేసిన నెమ్మది కలయికలవే. ఒక దృశ్యం కరిగి మరొకటిగా మారడానికి సెకను పడితే, అంటే 25 ఫ్రేములు, ఏ ఒక్క ఫ్రేమూ పొరుగువాటికంటే ఎగరదు. హద్దు ఎంత తగ్గించినా లాభం ఉండదు. వాటిని కంటితో చూసి గుర్తుపట్టవలసిందే.

దిద్దుబాట్లన్నీ list-scenes రాసిపెట్టిన దృశ్యాల పట్టికలోనే చేశాను. అక్కరలేని కట్ ఉన్న వరుసను తీసేస్తే ఆ ముక్క వెనకటిదానిలో కలిసిపోతుంది. కొత్త కట్ కావలసిన చోట పై వరుసనే నకలు చేసి, Start Frame గడిలో అంకె మార్చాలి. ప్లేయరులో చూసిన సమయాన్ని సెకన్లలోకి మార్చి 25తో హెచ్చించి, ఒకటి కలిపితే ఆ అంకె వస్తుంది.

```
scenedetect -i pelli.mp4 load-scenes -i pelli-Scenes.csv split-video
```

ఇది ప్రతి ముక్కనూ మళ్లీ ఎన్‌కోడ్ చేస్తుంది కాబట్టి సాయంత్రం దాకా నడిచింది. --copy అని చేర్చి ఉంటే నిమిషాల్లో అయ్యేదే కానీ, అప్పుడు కోత కీఫ్రేము, అంటే ఫైలులో పూర్తి బొమ్మగా దాచిన ఫ్రేము, దగ్గరే పడుతుంది. దుకాణంవారు ఇచ్చిన ఫైలులో కీఫ్రేములు పది సెకన్లకొకటి ఉన్నాయి. తలంబ్రాల క్లిప్‌కు ముందు ఎవరివో పది సెకన్ల మాటలు తగిలించి పంపడం నాకు ఇష్టం లేకపోయింది.

రాత్రి తాళి, తలంబ్రాలు, అప్పగింతల క్లిప్పులు పిన్నికి పంపాను. "అవి సరేరా, బంతి భోజనాల్లో మీ తాతయ్య వడ్డించిన ముక్క ఏదీ?" అని వెంటనే ఫోను చేసింది. అది ఊరేగింపు ముక్కకు అంటుకుని, ఇంకా విడదీయని కలయిక తరువాత ఉంది. రేపు ఆ వరుసతోనే మొదలుపెట్టాలి.