ఎండలో పుట్టి పెరిగినోడికి ఎండ మందు

"మీకు ఎండ తగలడం లేదండీ, రోజూ పావుగంట ఎండలో కూర్చోండి" అన్నాడు ఎముకల డాక్టరు. నేను ఏమీ అనలేదు గానీ నా పక్కనున్న బావమరిది మాత్రం నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్ళిపోయాడు. మాది కవిటి దగ్గర పల్లె. ఉద్దానంలో కొబ్బరి తోట, కొంచెం జీడి తోట. నలభై ఆరేళ్ళ వయసులో ముప్పై ఏళ్ళు ఆ ఎండలోనే గడిపినోణ్ణి, మెడ వెనక చర్మం ఏ రంగులో ఉందో చూసినా ఆ మాట అనడు. ఆయన చూసింది కంప్యూటర్లోకి.

అప్పటికి ఏడాదిగా నడుం, తుంటి, పక్కటెముకలు నొప్పి. దగ్గితే పక్క పట్టేసేది. ఆయన విటమిన్ డి పొడి ప్యాకెట్లు రాశాడు, అరవై వేల యూనిట్లవి, వారానికొకటి, ఎనిమిది వారాలు. దాంతోపాటు కాల్షియం బిళ్ళలు. అమ్మ తన వంతుగా పొద్దున్నే చోడి అంబలి, ఆదివారం మేక కాళ్ళ సూపు మొదలెట్టింది. రెండు నెలల తర్వాత రక్త పరీక్ష చేస్తే విటమిన్ డి 48 వచ్చింది. ముప్పై దాటితే చాలని కాగితం మీదే ఉంది. నొప్పి మాత్రం అలాగే ఉందని చెప్తే, రిపోర్టు మీద వేలితో కొట్టి, "అంతా ఫుల్‌గా ఉంది, నొప్పి మీ మనసులో ఉంది, టెన్షన్ తగ్గించుకోండి" అన్నాడు. ఎండ మాటకి నవ్వుకున్నాను గానీ ఈ మాట మాత్రం ఇప్పటికీ గుర్తొస్తే ఒళ్ళు మండుతుంది.

అయితే నా తప్పు కూడా చెప్పాలి, లేకపోతే ఇది రాయడం అబద్ధం అవుతుంది. అప్పటికే నా క్రియాటినిన్, అంటే కిడ్నీ ఎంత పాడైందో చెప్పే రక్త పరీక్ష, 4 దాటిందని నాకు తెలుసు. ఊళ్ళో క్యాంపు పెట్టినప్పుడు తెలిసింది. కాగితాన్ని ఫైల్లో అట్టడుగున పెట్టేశాను. అమ్మాయికి సంబంధాలు చూస్తున్న రోజులవి, ఉద్దానంలో "వాళ్ళింట్లో కిడ్నీ ఉంది" అన్న మాట ఎంత దూరం పోతుందో మా వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు. కాబట్టి నేను దాచాను. కానీ డాక్టరుగారూ, ఊరు ఏదని అడిగి, కవిటి అని రాసుకున్న తర్వాత కూడా క్రియాటినిన్ ఎంత అని ఒక్క ముక్క అడగలేదు మీరు. ఈ జిల్లాలో ఎముకల నొప్పితో వచ్చిన కవిటోణ్ణి అడగాల్సిన మొదటి ప్రశ్న అదే కదా.

ఇక ఆ రాత్రి. కార్తీక మాసం, అర్ధరాత్రి దాటింది. మూతి చుట్టూ చీమలు పాకుతున్నట్టుంటే మెలకువ వచ్చింది. దులుపుకుందామని చెయ్యెత్తితే చెయ్యి నా మాట వినలేదు. మణికట్టు పాము పడగలా వంగిపోయింది, వేళ్ళు తిన్నగా బిగుసుకుని ఒకదానికొకటి అతుక్కుపోయాయి, బొటనవేలు లోపలికి. విడదీద్దామంటే ప్రాణం పోయేంత నొప్పి. తర్వాత రెండో చెయ్యి. తర్వాత పాదాలు. మా ఆవిడ లైటు వేసి "ఏటయిపోనాదండీ" అని అరిచిన అరుపుకి వీధి లేచింది. ఎవరో ఫిట్స్ అన్నారు, తాళాల గుత్తి తెచ్చి చేతిలో పెట్టారు, అది పట్టుకునే స్థితిలో చెయ్యి ఉంటే కదా! అమ్మ గాలి సోకిందంటూ వేపమండకి పరిగెత్తింది. నాకు స్పృహ ఉంది, అన్నీ వినపడుతున్నాయి. భయానికి గబగబా ఊపిరి తీసుకుంటున్నాను, తీసుకున్న కొద్దీ వేళ్ళు ఇంకా బిగుస్తున్నాయి. అలా వేగంగా ఊపిరి పీలిస్తే రక్తంలో నరాలకి పనికొచ్చే కాల్షియం ఇంకాస్త తగ్గుతుందట, అంటే నా భయమే నన్ను మరింత బిగించింది. ఒక క్షణం గొంతు కూడా పట్టేసినట్టయింది. అప్పుడు మాత్రం అయిపోయిందనుకున్నాను, అమ్మాయి పెళ్ళి చూడకుండానే పోతున్నాననుకున్నాను.

బావమరిది ఆటోలో సోంపేట తీసుకెళ్ళాడు. దారిలో చేతులు కాస్త వదిలాయి. అక్కడ డ్యూటీలో ఉన్నది చిన్న వయసు డాక్టరమ్మ, మా అమ్మాయికంటే నాలుగేళ్ళు పెద్దదేమో. నర్సు బీపీ చూడ్డానికి పట్టీ కట్టి గాలి కొట్టగానే ఆ చెయ్యి మళ్ళీ పడగలా వంగింది. నర్సు జడిసి గాలి తీసేయబోతే డాక్టరమ్మ ఆపింది. "ఉంచు, మూడు నిమిషాలు చూడాలి" అంది. చూసి, "ట్రూసో గుర్తు ఇది, ఫిట్స్ కాదు, కాల్షియం పడిపోయింది" అంది. వెంటనే నా ముఖం చూసి, "క్రియాటినిన్ ఎంత ఉంటుంది మీకు?" అని అడిగింది. అడిగిన మొదటి మనిషి. నేను చెప్పేశాను, మా ఆవిడ ముందే.

కాల్షియం 6.2 వచ్చింది, ఎనిమిదిన్నర పైన ఉండాలి. గుండెకి తీగలు పెట్టి, నరంలోకి కాల్షియం చాలా నెమ్మదిగా ఎక్కించారు. ఒళ్ళంతా వేడి పాకింది, వేళ్ళు ఒక్కొక్కటే విడిపోయాయి. మిగిలిన పరీక్షలు, శ్రీకాకుళం ప్రయాణం, అవన్నీ ఆస్పత్రుల గోలే, వదిలేద్దాం.

శ్రీకాకుళంలో కిడ్నీ డాక్టరుగారిని నేను అడిగింది ఒక్కటే. "విటమిన్ డి ఫుల్‌గా ఉందన్నారు, కాల్షియం బిళ్ళలు వేసుకున్నాను, చోడి తాగాను, మరి కాల్షియం ఎక్కడికి పోయింది సార్?" ఆయన నవ్వి, "మీరు కొబ్బరి రైతు కదా, కాయ లెక్కలో చెప్తాను" అన్నారు.

ఎండ తగిలితే చర్మంలో తయారయ్యేదీ, ప్యాకెట్లో వచ్చేదీ డొక్కతో ఉన్న కాయ లాంటిదట. దానితో శరీరానికి పనిలేదు. అది లివర్‌కి వెళ్తే అక్కడ డొక్క ఒలుస్తారు. రసాయనంగా చెప్పాలంటే ఇరవై ఐదో స్థానంలో ఒక ఆక్సిజన్, హైడ్రోజన్ జత తగిలిస్తారు. ఒలిచిన కాయ రెండు మూడు వారాలు రక్తంలో నిలవుంటుంది, లివర్ పెద్దగా లెక్క చూడకుండా వచ్చినంతా ఒలిచి పెడుతుంది. ల్యాబులో కొలిచే విటమిన్ డి ఈ ఒలిచిన కాయల లెక్కే. నా 48 అదే. కానీ ఒలిచిన కాయతో కూర అవదు, పగలగొట్టాలి. ఆ పని ముఖ్యంగా కిడ్నీది. ఒకటో స్థానంలో ఇంకో జత తగిలిస్తే అప్పుడు కాల్సిట్రయాల్ అవుతుంది, అసలు పనిచేసేది అదొక్కటే. అది పేగు కణాల్లోకి వెళ్ళి కాల్షియాన్ని లోపలికి రానిచ్చే దారులనీ, మోసుకుపోయే ప్రోటీన్లనీ తయారు చేయిస్తుంది. అది లేకపోతే తిన్న కాల్షియంలో నూటికి పది పదిహేను పాళ్ళే లోపలికి పోతుంది, ఉంటే ముప్పై నలభై పోతుంది. నేను తాగిన చోడిలో కాల్షియం ఉన్నమాట నిజమే, దానికి తలుపు తీసేవాళ్ళే లేరు.

"పగలగొట్టడం కిడ్నీకి ఎందుకు సార్, ఆ లివర్ దగ్గరే కానిచ్చేస్తే పోయేది కదా" అన్నాను. పగలగొట్టిన కాయ ఎన్నాళ్ళుంటుంది అని ఆయన ఎదురు అడిగారు. ఉండదు కదా, కాల్సిట్రయాల్ కూడా గంటల్లో పోతుంది. అందుకే అవసరమైనప్పుడు అవసరమైనంతే కొట్టాలి. రక్తంలో కాల్షియం బాగా తగ్గితే నాలాగా చేతులు బిగుస్తాయి, బాగా ఎక్కువైతే గుండె లయ తప్పుతుంది. ఎండే నేరుగా పనిచేసే మందు తయారు చేసేస్తే తోటలో రోజంతా ఉన్నోడికి కాల్షియం పెరిగిపోవాలి, వానాకాలంలో పడిపోవాలి. కాబట్టి కాల్షియం తగ్గితే మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు హార్మోన్ వదులుతాయి, అది కిడ్నీకి "కొట్టు" అని చెప్తుంది. భాస్వరం ఎక్కువైతే ఎముకల్లోంచి ఎఫ్‌జీఎఫ్ 23 అనే హార్మోన్ వచ్చి "ఆపు" అంటుంది. కేంబ్రిడ్జిలో ఫ్రేజర్, కోడిచెక్ అనే ఇద్దరు 1970లో కిడ్నీలు తీసేసిన ఎలకలు ఈ మందు తయారుచేసుకోలేవని చూపించారట, అప్పటికి గానీ ఈ సంగతి తేలలేదు.

నా కిడ్నీలో జరిగింది రెండు దెబ్బలు. పాడైన కిడ్నీ భాస్వరాన్ని బయటికి పంపలేక "ఆపు" అనే హార్మోన్ పెరిగింది, కాయ కొట్టే కణాలే తగ్గిపోయాయి. మేక కాళ్ళ సూపు, ఎండు నెత్తళ్ళు ఆ భాస్వరాన్ని ఇంకా పెంచాయి, నాది 6.4. పాపం అమ్మ! పారాథైరాయిడ్ మాత్రం "కొట్టు కొట్టు" అని అరుస్తూనే ఉంది, అరవై అయిదు లోపు ఉండాల్సిన ఆ హార్మోన్, రిపోర్టులో పీటీహెచ్ అని రాసేది, 612 ఉంది. పేగు నుంచి రాని కాల్షియం కోసం అది నా ఎముకల్నే తవ్వింది. నడుం నొప్పి నా మనసులో లేదండీ, ఎముకలోనే ఉంది.

మందు చిన్నది. కాల్సిట్రయాల్ క్యాప్సూల్, 0.25 మైక్రోగ్రాములు, అంటే కిడ్నీ చేయాల్సిన పని ముందే చేసేసి ఇస్తారు. నేను మింగిన ఒక్కో పొడి ప్యాకెట్లో 1,500 మైక్రోగ్రాములు ఉంటుంది, ఈ క్యాప్సూల్ దానిలో ఆరువేలో వంతు. డొక్క కాయలు బండెడు పోసినా కాని పని పగలగొట్టిన చిప్ప ఒక్కటి చేసింది. ఆల్ఫాకాల్సిడాల్ అని ఇంకోటి ఉందట, అందులో కిడ్నీ జత ముందే ఉంటుంది, లివర్ జత మన లివరే తగిలించుకోవాలి, లివర్ బాగున్నవాళ్ళకి సరిపోతుంది. అన్నంతో పాటు మొదటి ముద్దతోనే భాస్వరాన్ని పట్టేసే కాల్షియం ఎసిటేట్ బిళ్ళ. సూపు, ఎండుచేపలు బంద్.

మా వదిన మోకాళ్ళ నొప్పికి ఆ "పవర్ క్యాప్సూల్" రెండిమ్మని అడిగింది. ఇవ్వలేదు, అలిగింది, అలగనీ. కిడ్నీ అదుపు దాటించి ఇచ్చే మందు అది, ఎక్కువైతే ఆపేవాడు లేడు. దాహం, వాంతులు, మలబద్ధకం వస్తే వెంటనే రక్తం చూడాలన్నారు, నాకు కూడా మొదట్లో వారానికోసారి, ఇప్పుడు నెలకోసారి కాల్షియం చూస్తున్నారు. మీ ఇంట్లో క్రియాటినిన్ పెరిగినవాళ్ళుంటే విటమిన్ డి రిపోర్టు ఒక్కటే చూసి ఊరుకోకండి, కాల్షియం, భాస్వరం, పీటీహెచ్ మూడూ అడిగి చేయించుకోండి.

నా కాల్షియం ఇప్పుడు 8.8, పీటీహెచ్ 260. క్రియాటినిన్ మాత్రం 4.3, అది ఎటు పోతుందో నాకు తెలుసు, ఆ సంగతి ఇంకో రోజు. దగ్గితే పక్క పట్టడం లేదు. అమ్మాయికి సంబంధం కుదిరింది, అబ్బాయి వాళ్ళకి కాగితం చూపించే చెప్పాను.

అమ్మ మొక్కుకుందని మాఘ మాసం ఆదివారం అరసవల్లి వెళ్ళాం. సూర్యనారాయణమూర్తికి ఎందుకు కోపం వచ్చిందో అని అమ్మ ఏడాదిగా బెంగపెట్టుకుంది. క్యూలో నిలబడి ఉన్నప్పుడు, ఆయన తన పని చేస్తూనే ఉన్నాడే అమ్మా, సరుకు నా ఒంట్లోనే ఆగిపోయింది అని చెప్పాను. కాసేపు ఆలోచించి, "అయితే ఆ లివరూ కిడ్నీ పేర్లు మీద కూడా అర్చన చేయించేద్దుమా?" అంది. టికెట్ కౌంటర్ దగ్గర గోత్రం అడిగేదాకా నవ్వుతూనే ఉన్నాను.