పెళ్లి ఆల్బమ్‌లో ఒక్క ఫొటో: నా అనుభవం

చెల్లి పెళ్లి ఆల్బమ్ నిన్ననే ప్రింట్‌కి వెళ్లింది. వేల ఫొటోల్లోంచి ఏరడం విసుగే తప్ప కష్టం కాదు. కవర్, కాగితం, సైజు పది నిమిషాల్లో తేలిపోయాయి. ప్రాణం తీసింది మాత్రం ఒకే ఒక్క క్యాండిడ్ ఫొటో.

జీలకర్ర-బెల్లం సమయం, అడ్డుతెర అప్పుడే దించారు. ఫ్రేములో పదకొండు మంది. బావ వెనక వాళ్ల మేనత్త. కనుబొమలు ముడిపడి, కళ్లు చిన్నవై, పెదాలు బిగించి, తల పక్కకి తిప్పి ఉంది. మా అమ్మ చూడగానే అంది, "చూశావా, పెట్టుబడి చీర నచ్చలేదు. మొహంలోనే తెలుస్తోంది." అవతలి వాళ్లకి అదే ఫొటోలో మా పెదనాన్న కనిపించాడు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు కాబట్టి పొగరట.

మాట ముదిరి, ఆదివారం రెండు వైపుల పెద్దలూ కూర్చున్నారు. ఫొటోని ఫోన్‌లో మొహం చతురస్రాలుగా పగిలేదాకా పెద్దది చేసి చేతులు మారుస్తున్నారు. నేను పేపర్ డెస్కులో ఫొటోల కింద రైటప్పులు రాసేవాణ్ణి. అక్కడి పద్ధతి ఇది: "నవ్వుతున్నారు" అని రాయొచ్చు, అది కనిపిస్తుంది, "సంతోషంగా ఉన్నారు" అని రాయకూడదు, అది మనం ఊహించింది. ఆ సంగతే చెప్పబోతే బావ వాళ్ల పెదనాన్నగారు నవ్వి, "పేపర్లో చేస్తే మాకు మొహాలు చదవడం నేర్పుతావా బాబూ?" అన్నారు. అందరూ నవ్వారు, మా అమ్మతో సహా. ఒళ్లు మండిపోయింది.

అందుకే ఊరుకోలేదు. స్టూడియో వాళ్లని ఆ నిమిషంలో తీసిన ఫొటోలన్నీ ఇమ్మన్నాను. ఎడిట్ చేయనివి ఇవ్వరట, ఇస్తే అదనంగా డబ్బు కట్టాలట. గట్టిగా అరిస్తే ఇచ్చారు. రెండు కెమెరాల్లో ఒకదాని గడియారం ఆరు నిమిషాలు వెనకుంది. తెర దించిన క్షణం రెండిట్లోనూ ఉంది కాబట్టి, దాన్ని ఆధారంగా పెట్టుకుని వరస కలిపాను.

అప్పుడు మేనత్త పెదాల కథ బయటపడింది. ముందు ఫ్రేములో ఆవిడ నోట్లో సేఫ్టీ పిన్నులున్నాయి. బావ కండువా జారిపోతుంటే వెనక నుంచి పిన్ను పెడుతోంది, అందుకే చేతులు కనిపించలేదు. రెండో కెమెరాలో వీడియోవాళ్ల లైటు స్టాండు కనిపించింది. అది సరిగ్గా ఆవిడ మొహం మీదికి తిరిగి ఉంది. వెలుతురు కళ్లలో పడినా, కోపం వచ్చినా కనుబొమలు ముడిచేది అవే కండరాలు. ఆగిన ఫొటోలో ఏది ఎందుకో విడదీయలేం. మనస్తత్వ శాస్త్రవేత్త లీసా ఫెల్డ్‌మన్ బారెట్ బృందం 2019లో వేసిన సమీక్ష ప్రకారం, కోపం వచ్చినప్పుడు మనుషులు మొహం ముడిచేది సగటున 30 శాతం సార్లే. మొహం ముడిచినవాళ్లందరికీ కోపం ఉండదు కూడా.

పెదనాన్న విషయంలో చేసింది వేరే పని. పెళ్లిచూపుల నుంచి అప్పగింతల దాకా ఆయన ఉన్న ఫొటోలన్నీ పక్కపక్కన పెట్టాను. జోకుకి నవ్వుతున్న ఫొటోలో కూడా చేతులు కట్టుకునే ఉన్నాడు. అది ఆయన నిలబడే తీరు. మనిషి మామూలుగా ఎలా ఉంటాడో తెలియకుండా ఒక్క భంగిమ చూసి అర్థం చెప్పేవాళ్లంటే నాకు చిరాకు. చేతులు కడితే మనసు మూసుకున్నట్టని టీవీల్లో చెప్పేవాళ్లంటే మరీను.

ఫ్రేములన్నీ ల్యాప్‌టాప్‌లో వరసగా చూపించాను. బావ వాళ్ల పెదనాన్నగారు మాట్లాడలేదు. నాకు కాస్త గర్వంగానే అనిపించింది. అంతలో మా అమ్మ, "అయ్యో పాపం, ఎంత ప్రేమగా పెడుతోందో చూడు! చీర బాగా నచ్చినట్టుంది" అంది. మళ్లీ మొదటికొచ్చింది! పిన్నులు పెదాల బిగువుకి కారణం చెప్తాయి, అంతే. ఆవిడకి ఆ క్షణంలో కోపం లేదని గానీ, ప్రేమ ఉందని గానీ చెప్పవు. చీర మీద కోపంతోనే పిన్ను పెడుతూ ఉండొచ్చు. చీర సంగతి కావాలంటే ఆవిడనే అడగాలి. ఆ మాటంటే ఇద్దరు వియ్యపురాళ్లూ నన్నే గుడ్లురిమి చూశారు (ఇది ఊహ కాదు, ఆ వెంటనే నన్ను తిట్టారు కూడా).

చివరికి ఆ ఫొటో ఆల్బమ్‌లో ఉంది, పక్కనే పిన్నులు కనిపించే ఫ్రేము కూడా పెట్టించాను. కింద రాసింది: "తెర దించగానే. వెనక అత్తయ్య కండువాకి పిన్ను పెడుతున్నారు." అత్తయ్య మనసు గురించి ఒక్క ముక్క రాయలేదు.

మీ ఇంట్లో పెళ్లుంటే, ఎడిట్ చేయని ఫొటోలు కూడా మొత్తం ఇవ్వాలని అడ్వాన్స్ కట్టేముందే కాగితం మీద రాయించుకోండి. ఆ స్టూడియో మాత్రం ఆ ఆరు నిమిషాల గడియారం ఇప్పటికీ సరిచేసి ఉండదు.