రెండు నిమిషాలే అన్నాం

పొద్దున అమీర్‌పేటలో మెట్రో దిగి ఆఫీసుకి నడుస్తుంటే సార్ మెసేజ్ వచ్చింది. "సర్వే మెయిల్ ఎవరూ తెరవట్లేదు. సబ్జెక్ట్ మార్చు, సాయంత్రానికి కావాలి." మాది వాటర్ ప్యూరిఫైయర్ల సర్వీసు. టెక్నీషియన్ ఇంటికెళ్లి ఫిల్టర్ మార్చి వచ్చాక కస్టమర్‌కి ఒక సర్వే పంపుతాం. సబ్జెక్టే కదా, టీ తాగేలోపు అయిపోతుందనుకున్నా.

ముందు ఆ మెయిల్‌ని నా ఫోన్‌కే పంపుకుని చూశా. పంపినవారి చోట noreply అని ఉంది. సబ్జెక్ట్ "ప్రియమైన వినియోగదారులారా, మీ అమూల్యమైన అభి…" దగ్గర తెగిపోయింది. దాని కింద బూడిద రంగు వరుసలో "ఈ మెయిల్ సరిగా కనిపించకపోతే ఇక్కడ నొక్కండి" అని ఉంది. ఆ వరుస అక్కడ ఉండాలని ఎవరూ అనుకోలేదు. మనం విడిగా ఏమీ రాయకపోతే, మెయిల్ లోపల మొదట ఏ మాటలుంటే అవే అక్కడికి ఎక్కుతాయి. నాకే తెరవబుద్ధి కాలేదు.

లోపల "కేవలం రెండు నిమిషాలు" అని ఉంది. అది రాసింది నేనే, గతేడాది, ప్రశ్నలు తొమ్మిది ఉన్నప్పుడు. తర్వాత సేల్స్ వాళ్లు కొన్ని, స్టోర్స్ వాళ్లు కొన్ని కలిపారు. ఇప్పుడు 22. రెండు నిమిషాలు మాత్రం అలాగే ఉండిపోయింది.

అసలెంత పడుతుందో టూల్‌లో చూస్తే సగటు 34 నిమిషాలట! ఎవరో సర్వే తెరిచి అన్నానికి వెళ్లి, మూడు గంటల తర్వాత వచ్చి పూర్తిచేసి ఉంటారు. అలాంటివాళ్లు ఇద్దరు ముగ్గురున్నా సగటు పాడైపోతుంది. అందుకే అందరి సమయాల్నీ తక్కువ నుంచి ఎక్కువకి పేర్చి, సరిగ్గా మధ్యలో ఉన్నది చూశా. ఏడు నిమిషాలు. అదీ పూర్తిచేసినవాళ్లది. పోయిన నెల 140 మంది మొదలుపెడితే 61 మందే చివరిదాకా వచ్చారు, ఎక్కువమంది మూడో పేజీలో వెళ్లిపోయారు. మనం చెప్పిన రెండు నిమిషాలు దాదాపు అక్కడే అయిపోతాయి మరి.

మధ్యాహ్నం దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండే పిన్నికి లింకు పంపి, స్పీకర్ పెట్టించి, నా ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కా. మూడో పేజీకి రాగానే, "ఏమే, ఇన్ని చుక్కలేంటే? పక్కకి జరిపితే ముందు ఏది నొక్కానో కనపడట్లేదు" అంది. తొమ్మిది వరుసలు, ఐదు నిలువు గడులు. ఆఫీసులో పెద్ద తెర మీద చూసేవాళ్లం కాబట్టి మాకెప్పుడూ తెలియలేదు. ఆవిడ మొత్తం పూర్తిచేసేసరికి 8 నిమిషాల 20 సెకన్లు.

ఇక సబ్జెక్ట్ పక్కన పెట్టి కత్తెర పట్టుకున్నా. సర్వీసు తేదీ, మెషిన్ మోడల్, ఏరియా మా దగ్గర ఉన్నవే, మళ్లీ అడగడమెందుకు? గడుల ప్రశ్న తీసేశా. సేల్స్ వాళ్లతో చిన్న గొడవైంది (కొత్త మోడల్ కొంటారా అనేది వాళ్లకి ప్రాణం). చివరికి ఆరు ప్రశ్నలు మిగిలాయి. పిన్ని ఈ ప్రశ్నలన్నీ ముందే చూసేసింది కాబట్టి ఈసారి అకౌంట్స్‌లో ఇద్దరికీ, సెక్యూరిటీ అన్నకీ ఇచ్చా. అందరిలో నెమ్మదిగా చేసింది అన్నే, 2 నిమిషాల 50 సెకన్లు. మూడు నిమిషాలని రాశా. "ఒక నిమిషం అని పెట్టు, ఇంకా ఎక్కువమంది వస్తారు" అన్నారు సార్. వస్తారు సార్, రెండో నిమిషంలో వెళ్లిపోతారు అన్నా. ఆయన నవ్వలేదు గానీ కాదనలేదు.

నాలుగున్నరకి సబ్జెక్ట్ రాయడం మొదలుపెడితే పది నిమిషాలు పట్టింది. పంపినవారి చోట కంపెనీ పేరు. సబ్జెక్ట్: "మీ ఫిల్టర్ సర్వీసు ఎలా జరిగింది?" కింద బూడిద వరుసలో: "6 ప్రశ్నలు, దాదాపు 3 నిమిషాలు. ఫోన్‌లోనే చేయొచ్చు." లోపల మూడు వాక్యాలే: టెక్నీషియన్ ఏ రోజు వచ్చారు, మీ జవాబులు ఎవరు చదువుతారు, ఎంతసేపు పడుతుంది. ఆ తర్వాత బటన్.

రెండో సబ్జెక్ట్ కూడా ఒకటి రాశా: "ఫిల్టర్ సర్వీసుపై 6 ప్రశ్నలు, 3 నిమిషాలు". రేపు పదింటికి చీటీలు తీసినట్టు కలిపేసి 200 మందికి ఒకటి, 200 మందికి ఇంకోటి వెళ్తాయి. మిగతాదంతా ఒకటే. సార్‌కి తెరిచినవాళ్ల లెక్క కావాలి. మెయిల్‌లో పెట్టిన చిన్న బొమ్మ లోడ్ అయితే తెరిచినట్టు లెక్క. కానీ 2021 నుంచి ఆపిల్ మెయిల్ యాప్ బొమ్మల్ని ముందే తనే తెచ్చిపెట్టుకోగలదు, మనిషి చూడకపోయినా మా లెక్కలో తెరిచినట్టే పడుతుంది. అందుకని ఎంతమంది మొదలుపెట్టారు, ఎంతమంది పూర్తిచేశారు అనే రెండు అంకెలే చూపిస్తానని చెప్పా.

రాత్రి పిన్ని ఫోన్ చేసింది. వాళ్లింట్లోనూ మా మెషినే, పోయిన నెలే ఫిల్టర్ మార్చారు. "నాకెప్పుడూ ఇలాంటి మెయిల్ రాలేదే" అంది. వెతికిస్తే ప్రమోషన్స్‌లో ఉంది, తెరవకుండా. రేపటి జాబితాలోంచి ఆవిడ పేరు తీసేశా.